పై ఎండోస్కోపీ నార్మల్, కొలనోస్కోపీ నార్మల్, రక్తం మాత్రం పోతూనే ఉంది: కెమెరా క్యాప్సూల్ ఎప్పుడు మింగాలి?

గుంటూరు కొత్తపేటలోగానీ విజయవాడ సూర్యారావుపేటలోగానీ గ్యాస్ట్రో డాక్టర్ల దగ్గరికి ఒక రకం ఫైలు తరచూ వస్తుంటుంది. అందులో పై ఎండోస్కోపీ నార్మల్ అని ఒక కాగితం, కొలనోస్కోపీ నార్మల్ అని ఇంకో కాగితం ఉంటాయి. వాటి కింద హిమోగ్లోబిన్ 6, 7 దగ్గర తచ్చాడుతున్న రిపోర్టులు నాలుగైదు. రెండు బాటిళ్ల రక్తం ఎక్కిస్తే 8 దాటుతుంది, రెండు నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది. ‘అన్నీ నార్మలంటున్నారు, మరి రక్తం ఎటు పోతోందండీ?’ అని ఇంటివాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు పేగు పొడవులో ఉంది. నోట్లోంచి వేసే మామూలు ఎండోస్కోపు అన్నవాహిక, జీర్ణాశయం చూసుకుని చిన్నపేగు మొదట్లో ఉండే డియోడినంలో రెండో భాగం దాకా వెళ్తుంది. కింది నుంచి వేసే కొలనోస్కోపు పెద్దపేగంతా తిరిగి, వీలైతే చిన్నపేగు చివర్లో కొద్ది అంగుళాలు చూస్తుంది. మధ్యలో ఇంచుమించు ఐదారు మీటర్ల చిన్నపేగు మెలికలు తిరిగి ఉంటుంది. ఈ రెండు గొట్టాలూ అక్కడికి చేరవు. అంటే రెండు రిపోర్టులూ అబద్ధం చెప్పలేదు, అవి చూసినంత మేర నార్మలేనని చెప్పాయి. జీర్ణమార్గంలో జరిగే రక్తస్రావాల్లో చిన్నపేగు వాటా నూటికి ఐదు నుంచి పది అని అంచనా. అరుదే, కానీ రెండు వైపులా చూసినా దొరకని కేసుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక్కడ ఒక మాట. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా విరేచనం నల్లగానే వస్తుంది. అది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగానే ఉంటుంది. రక్తం జీర్ణమై వచ్చేది వేరు. అది తారులా జిగటగా మెరుస్తూ, నీళ్లు పోసినా సరిగా పోకుండా, గదంతా పట్టేసే చెడు వాసనతో ఉంటుంది. డాక్టర్లు మెలీనా అనేది దీన్ని. ఈ తేడా ఇంట్లోవాళ్లు సరిగ్గా చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. పచ్చిమిరపకాయ బజ్జీల మీదా గుంటూరు కారం మీదా నేరం మోపడం మనకు అలవాటు. చిన్నపేగు రక్తస్రావానికి మాత్రం కారంతో సంబంధం లేదు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. వయసు మళ్లినవాళ్లలో పేగు లోపలి పొరలో సన్నటి రక్తనాళాలు ఉబ్బి పల్చబడి కారడం తరచూ కనిపించే కారణం, దాన్ని యాంజియోఎక్టేషియా అంటారు. కిడ్నీ జబ్బు, గుండె కవాటం బిగుసుకుపోవడం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఆ తర్వాత నొప్పుల మాత్రల వల్ల పడే పుళ్లు. వయసులో ఉన్నవాళ్లలో అయితే పేగు వాచి పుళ్లు పడే క్రోన్స్ జబ్బు, కణితులు, పుట్టుకతో ఉండే మెకెల్ తిత్తి ముందుకొస్తాయి. మన దేశంలో పేగు క్షయనూ కొంకి పురుగులనూ కూడా లెక్కలోంచి తీసేయలేం.

ఆ ఐదారు మీటర్లను చూడటానికి పుట్టిందే క్యాప్సూల్. ఇజ్రాయెల్ ఇంజినీరు గావ్రియేల్ ఇడ్డాన్‌కు 1980ల మొదట్లో ఈ ఆలోచన వచ్చింది. ఆయన క్షిపణుల కెమెరాల మీద పనిచేసిన మనిషి. లండన్ డాక్టరు పాల్ స్వెయిన్ 1999లో తొలి క్యాప్సూల్‌ను తనే మింగి చూశాడు. 2001లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది.

ఎక్కువగా వాడే క్యాప్సూల్ 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, బరువు నాలుగు గ్రాముల లోపే. ఒక కొసన పారదర్శకమైన గుండ్రటి మూత ఉంటుంది. దాని వెనక చిన్న కటకం, దాని చుట్టూ తెల్లటి ఎల్‌ఈడీలు, ఆ వెనక ఫొటో తీసే చిప్, రెండు గుండీ బ్యాటరీలు, రేడియో ట్రాన్స్‌మిటర్ వరసగా అమర్చి ఉంటాయి. ఎల్‌ఈడీ వెలిగిన ప్రతిసారీ ఒక ఫొటో పడుతుంది, వెంటనే అది రేడియో తరంగాలుగా బయటికి వస్తుంది. పొట్ట మీద అంటించిన సెన్సార్లో, నడుముకు కట్టిన బెల్టో వాటిని పట్టుకుని రికార్డరుకు పంపుతాయి. సెకనుకు రెండు ఫొటోల చొప్పున ఎనిమిది గంటలు తీస్తే 57,600 ఫొటోలవుతాయి. కొత్త రకాలు పేగు వేగంగా కదిలేచోట సెకనుకు ఎక్కువ ఫొటోలు తీస్తాయి, బ్యాటరీ కూడా ఇంకొన్ని గంటలు ఎక్కువ వస్తుంది.

దాన్ని నడిపే మోటారంటూ ఏదీ లేదు. అన్నం ముద్దను తోసినట్టే పేగు కదలికలే దాన్ని తోసుకెళ్తాయి. ఈ పరీక్ష సుఖమంతా అందులోనే ఉంది, చిక్కులన్నీ కూడా అక్కడే పుడతాయి. మత్తు ఇవ్వక్కర్లేదు, గొట్టం లేదు, నొప్పి లేదు. అయితే ఎండోస్కోపుతో డాక్టరు గాలి ఊది పేగును విప్పి చూడగలడు, అనుమానం ఉన్నచోట ఆగగలడు, నీళ్లు కొట్టి కడగగలడు, ముక్క తీయగలడు, రక్తం కారుతుంటే కాల్చి ఆపగలడు. క్యాప్సూల్‌కు వీటిలో ఏదీ చేతకాదు. అది ఎటు తిరిగి ఉంటే అటే చూస్తుంది. డియోడినం దాటాక మొదటి మలుపుల్లో చాలా వేగంగా జారిపోతుంది కాబట్టి అక్కడి గాయాన్ని, లేదా పొర కింద దాక్కున్న ఒంటరి కణితిని దాటేసి పోయే ప్రమాదం ఉంది.

దీన్ని ఒక కేసుగా చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మామూలుగా జరిగే విషయాలతో అల్లిన ఉదాహరణ. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి మానేసిన 66 ఏళ్ల పెద్దాయన. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని వేసుకుంటున్నాడు. రెండు రోజులు తారులాంటి విరేచనాలయ్యాయి, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 6.8. రక్తం ఎక్కించారు, పైనుంచీ కిందినుంచీ చూశారు, ఏమీ లేదు. క్యాప్సూల్ చేయిద్దామని డాక్టరు చెప్పాడు. క్యాప్సూల్ ఒక్కసారికే పనికొస్తుంది, అందుకే మామూలు ఎండోస్కోపీకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ఈలోగా విరేచనం మామూలైంది. ‘తగ్గింది కదా, పంట డబ్బులు చేతికొచ్చాక చూద్దాంలే’ అని ఇంటికెళ్లారు. ఐదు వారాల తర్వాత వచ్చి క్యాప్సూల్ మింగితే రిపోర్టులో ఏమీ లేదు.

ఈ చోటే చాలా కుటుంబాలు పరీక్ష దండగని తేల్చేస్తాయి. దండగైంది పరీక్ష కాదు, దాన్ని చేసిన సమయం. యాంజియోఎక్టేషియా కారేటప్పుడు కారుతుంది, ఆగితే వారాల తరబడి ఆగిపోతుంది. ఆగినప్పుడు అది పేగు మడత మీద ఒక చిన్న ఎర్ర చుక్క మాత్రమే. క్యాప్సూల్ దాని వైపు తిరిగి ఉండకపోతే కనపడదు. కారుతున్నప్పుడైతే రక్తమే ఆనవాలు ఇస్తుంది. చుక్క కనపడకపోయినా ఎర్రటి ధార ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అందుకే కంటికి కనిపించే రక్తస్రావం అయినప్పుడు వీలైనంత త్వరగా, కుదిరితే 48 గంటల లోపే క్యాప్సూల్ మింగించమని యూరప్ ఎండోస్కోపీ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజులు గడిచేకొద్దీ కారణం దొరికే అవకాశం పడిపోతుంది. నన్నడిగితే, క్యాప్సూల్ ఎంత మంచి కంపెనీది అన్నదానికన్నా ఏ రోజున మింగారన్నదే ముఖ్యం.

మన పెద్దాయనకు మూడు నెలలకు మళ్లీ మెలీనా వచ్చింది. ఈసారి అదే రాత్రి ఆసుపత్రికి తెచ్చారు. బీపీ నిలకడగానే ఉంది, హిమోగ్లోబిన్ 6.4. బీపీ పడిపోతూ, గుండె దడదడా కొట్టుకుంటూ, విరేచనంలో ఎర్ర రక్తమే పోతుంటే అప్పుడు క్యాప్సూల్ మాట ఎత్తకూడదు. ఎనిమిది గంటల సినిమా చూసే తీరిక అప్పుడుండదు. సీటీ యాంజియోగ్రామ్ తీసి కారే రక్తనాళం దొరికితే కాలి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి మూసేసే దారి పట్టాలి. ఈయనకు ఆ అవసరం రాలేదు. రక్తం ఎక్కించి పొద్దున్నే పై ఎండోస్కోపీ ఇంకోసారి చేశారు. ఒకసారి నార్మలన్న పరీక్ష మళ్లీ ఎందుకని ఇంటివాళ్లు విసుక్కున్నారుగానీ, అది సరైన పనే. జీర్ణాశయం పైభాగం మడతల్లో దాక్కునే కొన్ని గాయాలు మొదటిసారి తప్పించుకోవడం మామూలే. అవి మామూలు ఎండోస్కోపుకు అందేచోటే ఉంటే క్యాప్సూల్ ఖర్చే ఉండదు. ఈయనకు అక్కడ ఏమీ కనపడలేదు.

క్యాప్సూల్‌కు ముందు ఇంకో ప్రశ్న తేలాలి. పెద్దాయన ఇంటావిడ అడిగింది.

‘డాక్టరు గారూ, అది లోపలే ఉండిపోతే ఏం చేస్తారండీ?’

‘అదే నేనూ అడగబోతున్నానమ్మా. అన్నం తిన్న తర్వాత కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, ఉబ్బరం, వాంతులు ఎప్పుడైనా వచ్చాయా? పొట్ట ఆపరేషన్లు ఏమైనా జరిగాయా? ఇంట్లో ఎవరికైనా టీబీ?’

‘నొప్పి లేదండీ. మోకాళ్ల గోలేగానీ పొట్ట గోల ఎప్పుడూ లేదు.’

ఈ సంభాషణ మర్యాద కోసం జరిగేది కాదు. చిన్నపేగులో ఎక్కడైనా ఇరుకు ఉంటే క్యాప్సూల్ దాని ముందు ఆగిపోతుంది. రెండు వారాలైనా బయటికి రాకపోతే చిక్కుకుందని లెక్క. రక్తస్రావం కోసం చేసేవాళ్లలో వందలో ఒకరిద్దరికి ఇలా జరుగుతుంది. క్రోన్స్ జబ్బు ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. టీబీ మానిన మచ్చ కూడా పేగును ఇరుకు చేస్తుంది. ఏళ్ల తరబడి నొప్పుల మాత్రలు మింగినవాళ్లలో పేగు లోపల పల్చటి పొర అడ్డంగా పెరిగి, మధ్యలో చిన్న రంధ్రం మాత్రమే మిగలొచ్చు. ఇది కొన్నిసార్లు సీటీలో కూడా కనపడదు. ఈయన చరిత్రలో డైక్లోఫెనాక్ ఉంది కాబట్టి డాక్టరు అంత గుచ్చి గుచ్చి అడిగాడు.

అలాంటి లక్షణాలు ఉన్నాయని చెబితే దారి మారుతుంది. ముందు పేగుకు ప్రత్యేకంగా తీసే సీటీ ఎంటెరోగ్రఫీ చేస్తారు. లేదా పేటెన్సీ క్యాప్సూల్ ఇస్తారు. అది అసలు క్యాప్సూల్ సైజులోనే ఉంటుంది, కెమెరా ఉండదు. ఎక్కడైనా ఆగితే ఒకటిన్నర రోజుకల్లా కరగడం మొదలవుతుంది. చెక్కుచెదరకుండా బయటికొస్తే దారి ఉన్నట్టు. దారి ఉందని తేలాకే అసలుది మింగాలి. చిక్కుకున్న క్యాప్సూల్ చాలామందిని వెంటనే ఇబ్బంది పెట్టదు. తీయాల్సి వస్తే చిన్నపేగు లోతుకు వెళ్లే పొడవైన ఎంటెరోస్కోపుతోనో ఆపరేషన్‌తోనో తీస్తారు. చాలాసార్లు అది ఆగిన చోటే జబ్బు చోటు కూడా అవుతుంది, అంత మాత్రాన చిక్కుకోవడం మంచిదని కాదు.

లక్షణాలేవీ లేవు కాబట్టి ఆ రాత్రే పెద్దాయనకు పేగు శుభ్రం చేసే పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు తాగించారు. ముందే తేదీ ఖరారు చేసే పరీక్షకైతే వారం ముందు నుంచే ఐరన్ మాత్రలు ఆపిస్తారు, ఎందుకంటే ఆ నల్లటి పొర పేగు గోడకు పూసుకుపోతే కెమెరాకు ఏమీ కనపడదు. మొదటిసారి అలాగే చేశారు. ఈసారి ఆగే వ్యవధి లేదు. పొద్దున 8:40కి, నురుగు తగ్గించే సిమెథికోన్ చుక్కలు వేసిన నీళ్లతో క్యాప్సూల్ మింగాడు. రక్తస్రావం మొదలై అప్పటికి 36 గంటలు.

గంటకు నర్సు రికార్డరు తెర చూసింది. ఇది చిన్న పనిలా కనిపిస్తుందిగానీ వదలకూడని పని. షుగరు జబ్బు ముదిరినవాళ్లలో, మంచం మీదే ఉన్నవాళ్లలో క్యాప్సూల్ జీర్ణాశయంలోనే గంటల తరబడి తిరుగుతుంటుంది. చిన్నపేగు చేరేసరికి బ్యాటరీ సగం అయిపోతుంది, అప్పుడు చివరి భాగం చూడకుండానే ఆరిపోతుంది. జీర్ణాశయంలోనే ఉందని తెలిస్తే పేగు కదలికలు పెంచే మందు ఇవ్వొచ్చు, అవసరమైతే ఎండోస్కోపుతో లోపలికి తోయొచ్చు. ఈయనది 9:22కే జీర్ణాశయం దాటింది. రెండు గంటలు గడిచాక నీళ్లు, నాలుగు గంటలకు ఇడ్లీ పెట్టారు. మధ్యలో వార్డులో నడుస్తూనే ఉన్నాడు.

సాయంత్రం డాక్టరు ఫైలు తెరిచాడు. ముందు మూడు గుర్తులు పెట్టాలి: జీర్ణాశయంలో మొదటి ఫొటో, చిన్నపేగులో మొదటి ఫొటో, పెద్దపేగు మొదలైన సీకంలో మొదటి ఫొటో. సీకంలోకి చేరింది మధ్యాహ్నం 2:34కి. అంటే చిన్నపేగు మొత్తం చూసినట్టే. ఆ తర్వాత ఫొటోలను సినిమాలా నడిపిస్తూ చూడాలి. సాఫ్ట్‌వేరులో ఎర్ర రంగును పసిగట్టి గీత పెట్టే సదుపాయం ఉంటుందిగానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. అది బుడగ మీది మెరుపును కూడా రక్తమంటుంది, అసలు రక్తాన్ని వదిలేయగలదు. 10:26 దగ్గర ఎర్ర ధార కనిపించింది. దానికి కొంచెం వెనక్కి వెళ్తే మూడు ఫొటోల్లో మాత్రమే, మడత అంచున చిన్న సాలీడు కాళ్లలా విచ్చుకున్న ఎర్రటి మచ్చ. సెకనుకు రెండు ఫొటోలంటే అది కెమెరా ముందున్నది సెకనున్నర. వేగం పెంచి చూసే డాక్టరుకు ఆవులింత వచ్చినా పోయేది.

కనిపించింది సరే, ఎక్కడ? క్యాప్సూల్ మీటర్లు చెప్పదు, టైము చెబుతుంది. విజయవాడలో రైలెక్కి నిద్రపోయినవాడు మెలకువ వచ్చాక గడియారం చూసి, ఇప్పుడు ఖమ్మం దాటి ఉంటామా, వరంగల్ వచ్చిందా అని ఊహించినట్టే ఇదీ. రైలు సిగ్నల్ దగ్గర అరగంట ఆగి ఉంటే లెక్క తప్పుతుంది. ఇక్కడ 9:22 నుంచి 2:34 దాకా, అంటే 312 నిమిషాలు చిన్నపేగులో పట్టింది. మచ్చ కనిపించింది 9:22 తర్వాత 64 నిమిషాలకు. అంటే మొత్తం ప్రయాణంలో ఇంచుమించు మొదటి ఐదో వంతు. అది చిన్నపేగులో డియోడినం తర్వాత వచ్చే జెజునం పైభాగమన్న అంచనా వచ్చింది, కాబట్టి తర్వాతి గొట్టం నోట్లోంచి వేయాలి. ప్రయాణంలో మూడొంతుల సమయం గడిచాక కనిపించి ఉంటే కింది నుంచి వెళ్లేవాళ్లు. క్యాప్సూల్ ఇచ్చిన విలువైన జవాబు ఇదే. అది ఏ జబ్బో చెప్పినదానికన్నా ఎటువైపు నుంచి వెళ్లాలో చెప్పడమే ఎక్కువ పనికొస్తుంది.

మరుసటి రోజు మత్తిచ్చి డబుల్ బెలూన్ ఎంటెరోస్కోపీ చేశారు. జపాన్‌లో యామమోటో అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతి ఇది. గొట్టం కొసనా దాని పైతొడుగు కొసనా ఉన్న బెలూన్లను మార్చి మార్చి ఉబ్బించి పేగును కుచ్చుగా గొట్టం మీదికి లాక్కుంటూ లోపలికి వెళ్తారు. మచ్చ దొరికింది, దాని మీద ఆర్గాన్ వాయువుతో కాల్చారు. మళ్లీ వెతకాల్సి వస్తే గుర్తుండేలా పక్కన సిరా చుక్క పెట్టారు. క్యాప్సూల్ ఏమీ చూపకపోయి ఉంటే ఈ గొట్టం ఏ వైపు నుంచి వేయాలో తెలియక రెండు రోజులు, రెండు మత్తులు అయ్యేవి.

రిపోర్టులో ‘ఏమీ కనపడలేదు’ అని వస్తే ఏంటన్న అనుమానం రావచ్చు. ఐదు వారాల తర్వాత చేసిన తొలి పరీక్షలో వచ్చిందదే. రక్తస్రావం ఆగాక వచ్చిన నార్మల్ రిపోర్టు చిన్నపేగు మంచిదని హామీ ఇవ్వదు. మళ్లీ మెలీనా వచ్చినా, హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా, వెంటనే మళ్లీ మింగించడమో సీటీ తీయడమో చేయాలి. వయసులో ఉన్నవాళ్లకు కణితి దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి క్యాప్సూల్ నార్మలైనా సీటీ ఎంటెరోగ్రఫీ తీయించడమే మంచిది. పేగు గోడ లోపలే పెరిగే కణితి సీటీలో కనిపించి క్యాప్సూల్‌కు కనపడకపోవడం ఉంది. అలాగే పల్చటి రక్తనాళాల మచ్చ క్యాప్సూల్‌లో కనిపించి సీటీకి దొరకదు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు.

క్యాప్సూల్ రెండు మూడు రోజుల్లో విరేచనంలో పోతుంది. చాలామంది చూడరు కూడా, తిరిగి ఇవ్వక్కర్లేదు. కొన్ని రకాలు మాత్రం ఫొటోలను లోపలే దాచుకుంటాయి, అవి మింగినవాళ్లు తప్పక పట్టుకుని తెచ్చి ఇవ్వాలి. బయటికి వచ్చిందో లేదో తెలియకపోతే రెండు వారాల తర్వాత పొట్ట ఎక్స్‌రే తీస్తే సరిపోతుంది. పోయిందని తేలేదాకా ఎంఆర్ఐ దగ్గరికి వెళ్లకూడదు, అంత అయస్కాంతం పేగులోని లోహాన్ని లాగుతుంది.

పెద్దాయన డైక్లోఫెనాక్ మానేశాడు. మోకాళ్లకు పారాసిటమాల్, ఫిజియోథెరపీ ఇచ్చారు. ఐరన్ సిరలోకి ఎక్కించారు, మళ్లీ మాత్రలు మొదలైతే నల్ల విరేచనాల గందరగోళం ఎందుకని. ఆరు వారాలకు హిమోగ్లోబిన్ 10.9. యాంజియోఎక్టేషియా కాల్చినా చాలామందిలో కొన్ని నెలలకో ఏళ్లకో ఇంకోచోట పుట్టి మళ్లీ కారుతుంది కాబట్టి మూడు నెలలకోసారి రక్త పరీక్ష రాసిచ్చారు. తారు విరేచనం కనిపిస్తే మాత్రం ఆ పరీక్ష తేదీ దాకా ఆగకుండా అదే రోజు రమ్మని చెప్పారు.